స్టాప్ పేమెంట్ చెక్కు సంగతి

అందరికీ నమస్కారం. లిఫ్టు రిపేరు చేసినాయనకు ఇచ్చిన చెక్కు తిరుచానూరు రోడ్డులో ఎక్కడో పడిపోయిందని చెప్పినాడు కదా, దాన్ని ఆపమని బ్యాంకులో రాసిచ్చినాం. నిన్న కన్ఫర్మేషన్ లెటరు వచ్చింది. మొత్తం 38,500 సరిగ్గానే ఉంది, చెక్కు మీది తేదీ కూడా సరే. నంబరు మాత్రం మన కౌంటర్‌ఫాయిల్లో 004518, లెటర్లో 004581. చివరి రెండంకెలు తారుమారు.

కంప్యూటర్ ఎందుకు ఒప్పుకుందంటే, 004581 కూడా మన పుస్తకంలోదే, ఇంకా వాడని లీఫు. అంటే పోయిన చెక్కు ఆగలేదు, ఖాళీ లీఫు ఆగింది. ఆపడం నంబరును బట్టే జరుగుతుంది. మొత్తం సరిపోయింది కదా అని ఊరుకుంటే పోయిన చెక్కు క్లియరింగుకు వచ్చినప్పుడు పాసైపోతుంది. మొదట స్టేట్‌మెంట్ తీసి చూసినా. 004518 ఇంకా పాస్ కాలేదు, అదే నయం.

పొద్దున్నే పోయి సరైన నంబరుకు కొత్తగా స్టాప్ పెట్టించినా. కొత్త లెటర్లో నంబరుతో పాటు స్టాప్ నమోదైన తేదీ, టైమూ చూసుకున్నా. ఆ టైముకు ముందు పాసైన చెక్కుకు స్టాప్ పనికిరాదు. 004581 మీద స్టాప్ తీసేయమనీ రాసిచ్చినా, లేకుంటే రేపు ఎవరికన్నా ఆ లీఫు ఇస్తే తిరిగొస్తుంది.

ఇక చార్జీ. 100 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 118 చొప్పున రెండుసార్లు కట్ అయింది. మనం రాసిచ్చిన కాగితంలో నంబరు సరిగ్గానే ఉంది కాబట్టి మొదటి 118 వెనక్కి వేయమని, ముద్ర వేసిన మన కాపీ జత చేసి అడిగినా. లిఫ్టాయనకు కొత్త చెక్కు సోమవారం ఇస్తాం.