ఇద్దరికీ చెరో అరగంట అన్నావు కదా

చిట్టితల్లీ,

పిల్లలిద్దరూ ట్యాబ్ కోసం కొట్టుకుంటున్నారని చెరో అరగంట అని నియమం పెట్టానన్నావు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తొమ్మిదేళ్ల వాడి అరగంటా, ఇరవై నెలల పాప అరగంటా ఒకటి కాదమ్మా. ఇన్నేళ్లు స్పీచ్ థెరపిస్టుగా పనిచేసినదాన్ని, ఈ ఒక్క సంగతీ ఫోన్లో హడావిడిగా కాకుండా వివరంగా రాద్దామనిపించింది.

2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. ఇంగ్లిషు మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న 9 నెలల పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించారు. మొత్తం 12 సార్లు, ఒక్కోసారి దాదాపు 25 నిమిషాలు. కొందరు పిల్లలకు మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకం చదువుతూ, బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడారు. మరికొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. ఎదురుగా విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలు మాత్రం, కళ్లప్పగించి చూసి కూడా, ఆ భాష అసలు విననివాళ్ల దగ్గరే ఆగిపోయారు.

మరి తప్పంతా తెరదేనా అంటే, కాదు. 2014లో రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పి చూశారు. ఎదురుగా నేర్పితే నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో నేర్పినా నేర్చుకున్నారు. వేరే పిల్లతో మాట్లాడిన రికార్డింగ్ చూపిస్తే నేర్చుకోలేదు. పాప ఏదో అంటే దానికి వెంటనే, దానికి తగ్గట్టు బదులు రావాలి. ఆ వయసులో మాట అతుక్కునేది అక్కడే.

మొన్న కాల్‌లో పాప ఒక సాక్సు ఊపుతూ చూపించింది, గుర్తుందా? "రెండోది ఏదీ?" అన్నాను. తన కాలి వైపు చూసుకుంది, మళ్లీ నన్ను చూసి "లే" అంది. "లేదా? మంచం కింద ఉందేమో" అన్నాను. వంగి చూసింది. అర నిమిషంలో ఎన్ని మాటలు తన చేతిలో ఉన్న వస్తువుకే తగులుకున్నాయో చూడు. వీడియోలో బొమ్మ "సాక్సు ఎక్కడ?" అని అడిగినా, పాప బదులిచ్చినా ఇవ్వకపోయినా తన పాట తాను పాడుకుంటూ పోతుంది.

ఇంకో సంగతి, ఎవరూ చూడని టీవీ. ఆస్ట్రేలియాలో 220 కుటుంబాల్లో పిల్లల ఒంటిమీద చిన్న రికార్డర్ పెట్టి చూశారు, 2024లో వెలువడింది. మూడేళ్ల వయసులో స్క్రీన్ పెరిగిన ఒక్కో నిమిషానికీ పెద్దల నోట దాదాపు 7 మాటలు తగ్గాయి, పిల్లల నోట 5 పలుకులు తగ్గాయి. ఇది కేవలం సంబంధమే, స్క్రీనే కారణమని తేల్చేసే ప్రయోగం కాదు. తక్కువ మాట్లాడే ఇళ్లలోనే స్క్రీన్ ఎక్కువ ఉండొచ్చు కూడా. అయినా హాల్లో టీవీ మోగుతుంటే నీ మాటలు ఎలా పొట్టివైపోతాయో ఒక సాయంత్రం గమనించు, నీకే తెలుస్తుంది.

పెద్దాడి సంగతి వేరు. వాడికి భాష పునాది పడిపోయింది, వీడియోలో విన్న కొత్త మాటను తెలిసిన మాటలకు జోడించుకోగలడు. మొన్న అగ్నిపర్వతాల వీడియో చూసి నాకు "లావా", "మాగ్మా" తేడా చెప్పాడు కదా. వాడి దగ్గర నువ్వు చూడాల్సింది నిమిషాలు కాదు, ఆ నిమిషాలు దేన్ని తినేస్తున్నాయన్నది. నిద్రనా, పుస్తకాన్నా, నీతో కబుర్లనా? పడుకునే ముందు ట్యాబ్ తీసేస్తే చాలు, మిగతాది వాడితో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకో.

పాపకు మాత్రం ఇప్పుడు ఒంటరిగా వీడియో వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకైనా రోజుకు గంట మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎప్పుడైనా పెట్టక తప్పకపోతే పక్కన కూర్చో, మధ్యలో ఆపి "కుక్క ఏదీ?" అని అడిగి, తను చూపించేదాకా ఆగు.

అంకెలు, రంగులు గడగడా చెబుతుందని మురిసిపోయావు. నేను చూసేది అది కాదు. నీళ్లు కావాలంటే అడుగుతోందా, తనకు నచ్చింది నీకు వేలుపెట్టి చూపిస్తోందా అన్నదే. రెండేళ్లు నిండేసరికి యాభై మాటలు లేకపోయినా, రెండు మాటలు కలపకపోయినా, ఫోన్ మీద నెపం వేసి ఊరుకోకు. ముందు వినికిడి పరీక్ష చేయించు.

ఆదివారం నేను చేసే వీడియో కాల్‌ను మాత్రం ఏ లెక్కలోనూ వేయకు. ఆ రెండో సాక్సు దొరికిందో లేదో పాపనే అడుగుతాను.

మీ అమ్మ