ఫ్లాట్ ప్రకటనలో అసలు కొలతలేవి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్థిరాస్తి పేజీలో మియాపూర్ ఫ్లాట్ల ప్రకటన చూసి, మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. వచ్చి నాలుగు రోజులైనా కోపం తగ్గక ఇది రాస్తున్నాను. "మెట్రోకు అతి చేరువలో, విశాలమైన 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లు, సమృద్ధిగా నీరు" అని అందులో ఉంది.

ఆ 1,500 సూపర్ బిల్టప్ లెక్క. మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మన వాటా కూడా అందులో కలిపేశారు. తలుపు వేసుకున్నాక లోపల మిగిలేది కార్పెట్ ఏరియా. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం ప్రకారం అందులో లోపలి అడ్డుగోడలు చేరతాయి, బయటి గోడలు, బాల్కనీ చేరవు. మూడుసార్లు అడిగితే ప్లాన్ తీసి 1,050 అని చూపించారు. అడుగు 6,000 చొప్పున ధర 90 లక్షలు. కార్పెట్ ఏరియాతో భాగిస్తే అదే అడుగు 8,570 దాటుతోంది. ఈ ఒక్క అంకె ప్రకటనలో ఉంటే, ఇంకో ఫ్లాట్‌తో పోల్చుకుని ఇంట్లోనే తేల్చుకునేవాళ్లం.

మెట్రో స్టేషన్ నుంచి నడిచి చూశాను. 2.3 కిలోమీటర్లు, ఎండలో 35 నిమిషాలు. నీళ్ల సంగతి వాచ్‌మన్‌ని అడిగితే, మార్చి దాటితే బోరు ఎండిపోతుందని, రోజుకు రెండు ట్యాంకర్లు వస్తాయని చెప్పాడు.

ప్రకటన ఇలా అస్పష్టంగా రాయడం బద్ధకం వల్ల కాదు, పట్టుబడకుండా ఉండటానికేనని నా నమ్మకం. ప్రకటనలో తప్పు సమాచారం నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోతే, బిల్డర్ పరిహారం ఇవ్వాలని రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కొనడం మానుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. "1,050 కార్పెట్" అని రాసి 980 ఇస్తే టేపుతో కొలిచి పట్టుకోవచ్చు. "విశాలమైన" అంటే దేనితో కొలుస్తాం? రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రకటనలో స్పష్టంగా కనపడాలని 11వ సెక్షన్ అంటోంది. ఈ ప్రకటనలో నంబరు ఉంది, కానీ కళ్లజోడు పెట్టుకున్నా చదవలేకపోయాను. 2016లో చట్టం వచ్చింది. ఆఫీసులు, అధికారులు అందరూ ఉన్నారు. మరి ఆదివారం పేపర్ తిరగేసే వాళ్లే లేరా?

ఆ ప్రకటన ఇలా ఉండాల్సింది: "కార్పెట్ 1,050 అడుగులు, బాల్కనీ వేరుగా 60. అవిభాజ్య భూమి వాటా 45 గజాలు. మియాపూర్ మెట్రోకు రోడ్డు మీద 2.3 కిలోమీటర్లు. ఒక బోరు, వేసవిలో ట్యాంకర్లు. మొత్తం ధర 90 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు అదనం." ఇంత చెప్పినా కొనేవాళ్లు కొంటారు. మా అమ్మాయి కూడా ఆలోచించేదేమో.

అర పేజీ రంగుల ప్రకటనకు మీరు డబ్బు తీసుకుంటున్నారు. కార్పెట్ ఏరియా లేని ఫ్లాట్ ప్రకటనను వేయబోమని మీ ప్రకటనల విభాగం చెప్పగలదా? జవాబు ఇదే పేజీలో ఇవ్వండి.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి