వార్షిక నివేదిక: ట్యాంకరు నీళ్లను కలిసి కొందామన్న ప్రతిపాదన

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టుల నిర్వహణ ఒప్పందాన్ని పొడిగించాం, డాబా మీద చెమ్మ దిగుతున్న చోట మరమ్మతు చేయించాం, మెట్ల దగ్గర దీపాలు మార్పించాం. ఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా ఇస్తున్నారు కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ట్యాంకరు నీళ్లకే ఇచ్చాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరు ఓటు వేయాల్సిన ముఖ్యమైన తీర్మానం దీని మీదే.

మన కార్యవర్గంలో నీటి బాధ్యత చూస్తున్న సభ్యురాలు పక్కనున్న మూడు అపార్టుమెంట్ల వారిని కూడా పిలిచి, నాలుగు సంఘాలు కలిసి ట్యాంకరు యజమానులతో ఒకే ధర మాట్లాడుకోవాలని ప్రతిపాదించారు. ఆమె చాలాకాలం సరుకు రవాణా సంస్థలో లెక్కలు చూసిన మనిషి. అందుకే బేరాన్ని మన అవసరం వైపు నుంచి కాకుండా బండి యజమాని ఖర్చు వైపు నుంచి వివరించారు. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం ఆమె చెప్పిన ముఖ్యాంశాలు, సభలో వచ్చిన అభ్యంతరాలు కింద రాస్తున్నాను.

మొదట ఆమె అడిగిన ప్రశ్న: మనం కొంటున్నది ట్యాంకరునా, నీళ్లనా? ‘పది వేల లీటర్ల ట్యాంకరు’ అనేది బండి పేరు మాత్రమే. అందులో ఎన్ని నీళ్లు నింపారు, దారిలో ఎన్ని ఒలికాయి, బండి వాలుగా నిలిచినందువల్ల అడుగున ఎన్ని మిగిలాయి అన్నవి ఆ పేరు చెప్పదు. కాబట్టి నాలుగు సంఘాలూ బేరానికి కూర్చోకముందే, సంపులో నిజంగా పడుతున్న నీటిని కొలవాలన్నారు.

దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. సంపు లోపలి పొడవు 6 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 24 చదరపు మీటర్లు. అంటే నీటిమట్టం ఒక సెంటీమీటరు పెరిగితే 240 లీటర్లు చేరినట్లు. పది వేల లీటర్లు పడితే మట్టం దాదాపు 41.7 సెంటీమీటర్లు పెరగాలి. 37 సెంటీమీటర్లే పెరిగిందంటే వచ్చినవి 8,880 లీటర్లు. సంపులో స్తంభాలో అడ్డుగోడలో ఉంటే అవి ఆక్రమించే చోటును ముందే తీసివేయాలి. కొలుస్తున్నంత సేపు బోరు నీళ్లు సంపులోకి రాకుండా వాల్వు మూయాలి, పైట్యాంకుకు ఎక్కించే మోటారు ఆపాలి. ఈ రెండిట్లో ఏది మరిచినా లెక్క తప్పుతుంది, ఆ తప్పు పట్టుకుని డ్రైవరుతో తగువుకు దిగితే మాట మనకే పోతుంది. గొట్టం తీసేశాక నీళ్లు కాసేపు ఊగుతూ ఉంటాయి, నిలకడ వచ్చాకే కర్ర ముంచి చూడాలి.

ధరలను పోల్చడానికి ఈ కొలత ఎంత అవసరమో ఆమె ఒక లెక్కతో చూపించారు. ఒకరు ట్రిప్పుకు 100 అడిగి 8,880 లీటర్లు పోశారు. మరొకరు 108 అడిగి పూర్తిగా పది వేలు పోశారు. మొదటి వారి దగ్గర వెయ్యి లీటర్లు 11.26 పడితే, రెండో వారి దగ్గర 10.80 పడుతుంది. ట్రిప్పు ధర చూసి మొదటి వారిని ఎంచుకుంటే ఎక్కువ చెల్లించినట్లే. అందుకే ఉమ్మడి ఒప్పందంలో ధరను ట్రిప్పుకు కాకుండా వెయ్యి లీటర్లకు రాయించాలని ఆమె పట్టుబట్టారు. నా దృష్టిలో ఈ ప్రతిపాదన మొత్తంలో మనం ఏ పరిస్థితిలోనూ వదులుకోకూడనిది ఈ షరతే.

తర్వాత తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుందన్న విషయం. ‘ఎక్కువ కొంటున్నాం కాబట్టి తగ్గించండి’ అంటే ట్యాంకరు యజమాని తగ్గించడు, ఎందుకంటే మనం ఎక్కువ కొన్నంత మాత్రాన ఒక ట్రిప్పుకు పట్టే డీజిలు తగ్గదు, నీళ్లు నింపుకునే చోట చెల్లించే సొమ్మూ తగ్గదు. తగ్గేది ఒక్కటే, ఖాళీగా నిలిచే సమయం. బండి నింపడానికి 20 నిమిషాలు, రావడానికి 25, సంపులో పోయడానికి 30, తిరిగి వెళ్లడానికి 25, మొత్తం 100 నిమిషాలు అనుకుందాం. గేటు తీసేవారు లేక, సంపులో ఇంకా చోటు లేక, వాల్వు గది తాళం దొరక్క ఇంకో 50 నిమిషాలు పోతే ట్రిప్పు 150 నిమిషాలవుతుంది. పది గంటల పనిదినంలో మొదటి పద్ధతిలో 6 ట్రిప్పులు వేయవచ్చు, రెండో పద్ధతిలో 4 మాత్రమే.

డ్రైవరు జీతం, బండి వాయిదా, బీమా అన్నీ కలిపి రోజుకు 120 పాళ్లు ఖర్చనుకోండి. డీజిలు, నీటి ఖరీదు ట్రిప్పుకు 40 పాళ్లు. నాలుగు ట్రిప్పులకు పంచితే ఒక్కో ట్రిప్పు ఖర్చు 30, 40 కలిపి 70. ఆరు ట్రిప్పులకు పంచితే 20, 40 కలిపి 60. అంటే మనం బండిని వేచి ఉంచకపోతే యజమానికి ట్రిప్పుకు మిగిలేది పది పాళ్లు, మొత్తం ఖర్చులో ఏడో వంతు. మనం అడగగలిగేది ఆ ఏడో వంతులో వాటానే. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. అసలు అంకెలు ఎలా ఉన్నా లెక్క నడిచే తీరు ఇదే. సగం ధరకే పోస్తానని ఎవరైనా ముందుకొస్తే సంతోషించడానికి ఏమీ లేదు. ఆ సొమ్మును ఆయన తక్కువ నింపడంలోనో, ఎక్కడివో తెలియని నీళ్లు తేవడంలోనో రాబట్టుకోవాల్సి ఉంటుంది.

కాబట్టి మనం ధర తగ్గించమని అడుగుతూనే కొన్ని మాటలు ఇవ్వాలి. బండి వచ్చేసరికి సంపులో పూర్తి లోడుకు చోటు ఉంటుంది. వాల్వు తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. పోయడం పూర్తవగానే ముందు మట్టం, తర్వాతి మట్టం రాసిన స్లిప్పు మీద ఇద్దరూ సంతకం చేస్తారు. పదిహేను రోజులకోసారి ఆ స్లిప్పుల ప్రకారం బిల్లు చెల్లిస్తాం. ఈ మాటలు నిలబెట్టుకోని సంఘం వల్ల మిగిలిన మూడింటి ధర కూడా పెరిగే ప్రమాదం ఉంది.

సభలో ఎక్కువ చర్చ జరిగింది వేసవి గురించి. నాలుగు అపార్టుమెంట్లకు ఎండాకాలంలో రోజుకు 6, 4, 3, 2 చొప్పున 15 ట్రిప్పులు, వానల నెలల్లో 2, 1, 1, 0 చొప్పున 4 ట్రిప్పులు కావాలని ఉదాహరణగా తీసుకున్నారు. ‘పదిహేను ట్రిప్పులంటే మాటలా, మన బలం అదే కదండీ’ అని పక్క అపార్టుమెంటు పెద్దాయన ఒకరు అన్నారు. ‘మన బలం ఆ నాలుగు ట్రిప్పుల్లో ఉందండీ’ అని ఆమె జవాబిచ్చారు. ఎండాకాలంలో ట్యాంకరుకు గిరాకీ ఊరంతా ఉంటుంది, మన పదిహేను పోయినా ఆయన బండి ఆగదు. వానల నెలల్లో మాత్రం బండి ఖాళీగా నిలబడుతుంది, వాయిదా మాత్రం కట్టక తప్పదు. అప్పుడు రోజుకు నాలుగు ట్రిప్పులు తప్పకుండా తీసుకుంటామని ఏడాది పొడవునా హామీ ఇస్తే, దానికి బదులుగా వేసవి ట్రిప్పులను ముందే రాసుకున్న ధరకు అడిగే హక్కు మనకు దక్కుతుంది. అందుకే బేరానికి వానలు మొదలయ్యాక కూర్చోవాలి, ఎండలు ముదిరాక కాదు.

దీన్నుంచే ఒక చిక్కు వచ్చింది. వానల నెలల్లో ఒక్క ట్రిప్పు కూడా అక్కర్లేని నాలుగో అపార్టుమెంటు హామీలో ఏమీ కలపదు, వేసవిలో మాత్రం రెండు ట్రిప్పులు కోరుతుంది. మిగిలినవారు మోసిన హామీ మీద వారు లాభపడటం న్యాయమా అని మన బ్లాకు సభ్యురాలు ఒకరు అడిగారు. సూటిగా అడిగిన మంచి ప్రశ్న అది. రెండు మార్గాలు చర్చకు వచ్చాయి. ఆ అపార్టుమెంటు వానల నెలల్లో వారానికి కొన్ని ట్రిప్పులైనా తీసుకుని తన బోరుకు విశ్రాంతి ఇవ్వడం ఒకటి. వేసవిలో కొరత వచ్చిన రోజున వరుసలో చివర నిలబడటానికి ఒప్పుకోవడం రెండోది. మొదటిదే మేలని నా అభిప్రాయం. బోరుకూ మంచిది, హామీ కూడా పెరుగుతుంది. నిర్ణయం మాత్రం ఆ సంఘానిదే.

కాగితం మీద ఎంత మంచి ధర రాసుకున్నా, నడి వేసవిలో బయట ఎక్కువ ఇచ్చేవారు దొరికితే బండి అటు తిరుగుతుంది. దీన్ని పూర్తిగా ఆపే షరతు ఏదీ లేదు. ట్రిప్పు అడిగిన 24 గంటల్లో బండి రాకపోతే బయట కొని, ఆ తేడాను తర్వాతి బిల్లులో తగ్గించుకునే షరతు రాయించవచ్చు. అది పనిచేయాలంటే మన దగ్గర ఆయనకు చెల్లించాల్సిన బాకీ కొంత ఎప్పుడూ ఉండాలి, అందుకే ముందస్తు చెల్లింపు వద్దన్నారు. డీజిలు ధర మారితే మన ధర ఎంత మారుతుందో కూడా ముందే రాసుకోవాలి. లేకపోతే ఆ కారణంతోనే ఒప్పందం మధ్యలో తెగుతుంది. మొత్తం నీళ్లు ఒక్కరి దగ్గరే కొనకుండా, ఎక్కువ వాటా ఒకరికి, తక్కువ వాటా ఇంకొకరికి ఇవ్వాలన్నది మరో సూచన. దీనివల్ల తగ్గింపు కొంత పోతుంది, కానీ ఒక బండి చెడిపోయిన రోజున కుళాయిలు ఆగవు.

నీటి నాణ్యత గురించి ఆమె తక్కువే చెప్పారు గానీ అది విడిచిపెట్టదగినది కాదు. ప్రతి లోడుకూ టీడీఎస్ మీటరుతో చూసి స్లిప్పు మీదే అంకె రాయాలి. రోజూ ఒకే తీరుగా ఉన్న అంకె హఠాత్తుగా పెరిగిందంటే నీళ్లు తెచ్చే చోటు మారి ఉండవచ్చు, వెంటనే అడగాలి. అయితే ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల గురించే చెబుతుంది, సూక్ష్మజీవుల గురించి ఏమీ చెప్పదు. దానికి నమూనాను ప్రయోగశాలకు పంపాల్సిందే. ఆ ఖర్చు నాలుగు సంఘాలు పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

బిల్లులపై వచ్చిన భయానికి కూడా సమాధానం ఇస్తున్నాను. ఉమ్మడిగా ఉండేది ధర, షరతులు మాత్రమే. ఏ సంఘం బిల్లు ఆ సంఘమే నేరుగా చెల్లిస్తుంది. ఒకరి బాకీకి మరొకరు పూచీ పడరు, ఆ వాక్యం ఒప్పందంలో స్పష్టంగా ఉంటుంది.

సర్వసభ్య సమావేశం ముందుకు వస్తున్న తీర్మానం ఇది: నాలుగు సంఘాల నుంచి ఒక్కొక్కరితో బేరసారాల బృందం ఏర్పాటు చేయడం, వెయ్యి లీటర్లకు ధర అనే షరతు వదులుకునే అధికారం ఆ బృందానికి ఇవ్వకపోవడం, ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందు సభ్యులందరికీ చూపించడం. ఈలోగా ప్రతి లోడుకూ సంపు మట్టం కొలిచి రాయడం మన దగ్గర మొదలైంది. ఆ పుస్తకం వాచ్‌మన్ గదిలో ఉంది, ఏ సభ్యులైనా చూడవచ్చు. తమ ఇంటి ముందు బండి ఆగినప్పుడు కొలత దగ్గర నిలబడటానికి వీలున్నవారు పేరు ఇస్తే వంతులు వేసుకుంటాం.

కార్యదర్శి
నివాసుల సంక్షేమ సంఘం