'నేను చెప్పిన' అంటే అయిపోయినట్టే

సంపాదకులకు నమస్కారం.

మా మిర్యాలగూడకు బ్యాంకు ఉద్యోగం మీద వచ్చిన ఒడిశా అబ్బాయికి సాయంత్రాలు తెలుగు చెప్తున్నాను. పుస్తకం మొత్తం చదివేశాడు, రాస్తాడు కూడా, కానీ కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన "నేను నిన్ననే చెప్పిన గద సారూ" అంటే, ఇంకా ఏదో చెప్తాడేమోనని చూస్తూ నిలబడ్డాడట. తప్పు అతనిది కాదు. పుస్తకంలో 'చెప్పిన' తర్వాత ఏదో ఒకటి రావాలి, 'చెప్పిన మాట' అన్నట్టు. మన దగ్గర 'నేను చెప్పిన' అంటే చెప్పాననే, వాక్యం అక్కడితో సరి.

అందుకే కూరగాయల మార్కెట్లో, వాళ్లను అడిగి ఒప్పుకున్నాకే, అర నిమిషం బేరం ఫోన్లో రికార్డు చేసుకొచ్చాను. మొదట రాత చూపించకుండా మూడుసార్లు వినిపించా, తర్వాత విన్నది విన్నట్టే రాయించి పక్కన పుస్తకం రూపం పెట్టించా: వచ్చిన్రు పక్కన వచ్చారు, తెచ్చిన పక్కన తెచ్చాను. ఇక్కడే ఒక చిక్కుంది, రాసేటప్పుడు చెయ్యి దానంతటదే దిద్దేస్తుంది. కూరగాయలమ్మే ఆమె 'తెచ్చిన' అంటే నేనే 'తెచ్చాను' అని రాసి, మళ్లీ విని నాలుక కరుచుకున్నా. మూడు నిమిషాల క్లిప్పు పెట్టిన రోజు మాత్రం అతను సగంలోనే చేతులెత్తేశాడు.

అతను అట్లనే మాట్లాడాలని కాదు, అర్థమైతే చాలు. బయటివాళ్ల కోసం తెలుగు పుస్తకాలు వేసేవాళ్లు ఇలాంటి రికార్డింగులు నాలుగు, దిద్దని రాతతో సహా, జత చేయొచ్చు కదా! ఇప్పుడు 'పోయిన' అని వినబడితే మావాడు తర్వాత 'వారం' వస్తుందా, గొంతు అక్కడే దిగుతుందా అని చెవి పెడుతున్నాడు.

ఒక పాఠకుడు, మిర్యాలగూడ