గేమ్ డిజైన్ క్లబ్‌కు లక్షల రూపాయల కంప్యూటర్లు అక్కర్లేదు

సంపాదకుడు గారికి,

మా అమ్మాయి శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తనూ, మరో పదకొండు మంది పిల్లలూ కలిసి గేమ్ డిజైన్ క్లబ్ పెట్టుకుంటామని, దానికి ల్యాబ్ కావాలని ప్రిన్సిపాల్ గారికి ఈమెయిల్ పంపారు. బడ్జెట్ లేదని రెండు రోజుల్లోనే జవాబు వచ్చింది. ఆ మెయిల్ నేనూ చదివాను. ఒక్కో కంప్యూటర్‌కు 32 జీబీ ర్యామ్, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అడిగారు. పెద్ద గేములు ఆడేవాళ్ళు వీడియోల్లో చెప్పే లిస్టు అది. ఆ లిస్టు చూస్తే నేనైనా కాదనేవాణ్ణి.

నేను పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు రిపేర్ చేస్తున్నాను. పెద్ద గేము ఆడటానికి కావలసిన మెషీన్ వేరు, చిన్న గేము తయారు చేయడానికి కావలసింది వేరు. పిల్లలు చేయాలనుకున్నది తుపాను గాలికి రాలే కొబ్బరికాయలను బుట్టలో పట్టుకునే ఆట. ఉద్దానం తోటలు, 2018లో తిత్లీ తుపాను తర్వాత అక్కడ కూలిన చెట్లు వాళ్ళు ఇళ్ళల్లో విన్న సంగతులే. ఒక చెట్టు బొమ్మ, ఒక బుట్ట, నాలుగు శబ్దాలు ఉంటే ఆ ఆట తయారవుతుంది.

ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఒక శనివారం స్కూలు ల్యాబ్‌కు వెళ్ళాను. అక్కడున్నవి నాలుగో తరం కోర్ ఐ3 మెషీన్లు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. గోడో అనే ఉచిత గేమ్ ఇంజిన్‌ను, అంటే గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ను, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాను. దాన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఫైల్ మీద నొక్కితే తెరుచుకుంటుంది. కానీ అది తెరుచుకునేసరికి రెండు నిమిషాలు దాటింది. టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది, డిస్క్ వాడకం మాత్రం 100 శాతం దగ్గరే ఉండిపోయింది. అంటే ర్యామ్ చాలక విండోస్ మాటిమాటికీ డిస్క్ మీదికి వెళ్తోంది, ఆ డిస్కేమో నెమ్మది. జబ్బు అక్కడుంది, గ్రాఫిక్స్‌లో కాదు.

నా దగ్గరున్న 4 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి తాత్కాలికంగా బిగించి చూశాను. అదే మెషీన్‌లో గోడో పావు నిమిషంలో తెరుచుకుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కొత్త ప్రాజెక్టు పెట్టేటప్పుడు, తెర మీద బొమ్మలు ఎలా గీయాలో చెప్పే రెండరర్ దగ్గర Forward+ బదులు Compatibility ఎంచుకోవాలి. మొదటిది కొత్త గ్రాఫిక్స్ చిప్‌ల కోసం చేసింది. రెండోదానికి ఓపెన్‌జీఎల్ 3.3 అనే పాత గ్రాఫిక్స్ ప్రమాణం ఉంటే చాలు, ఈ పాత ఇంటెల్ చిప్‌లలో అది ఉంది. ఈ తేడా తెలియక, మొదటి రోజే ఎర్రర్ వచ్చిందని మెషీన్‌ను పక్కన పెట్టేసేవాళ్ళను నేను చూశాను.

పిల్లలు మెయిల్ మళ్ళీ రాశారు. ఈసారి అడిగింది ఆరు మెషీన్లు, ఒక్కోదాని ముందు ఇద్దరు. కొత్తవి కొనక్కర్లేదు, ఉన్నవాటికే ర్యామ్ 8 జీబీకి పెంచాలి, ఎస్ఎస్‌డీ వేయాలి. ర్యామ్ కొనేముందు అది ఏ రకం, డీడీఆర్3నా, డీడీఆర్4నా అని చూసుకోవాలి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. యూపీఎస్‌లకు కొత్త బ్యాటరీలు కూడా అడిగారు. మా వైపు కరెంటు చెప్పి పోదు, సేవ్ చేయని పని పోతే పిల్లలకు ఏడుపే. ధరలు రోజూ మారుతున్నాయి కాబట్టి అంకె వేయకుండా మూడు షాపుల కొటేషన్లు జతచేశారు. ఈ మెషీన్ల మీద పెద్ద త్రీడీ గేములు కుదరవని కూడా మెయిల్‌లోనే రాయించాను. ఆశ పెట్టి తర్వాత తిప్పలు పడటం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. విండోస్ 10కు ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మెషీన్లు విండోస్ 11కు అర్హమైనవి కావు. అందుకని వీటిని పనికిరానివని పక్కన పడేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఇవి ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తాయి, గోడో దాని మీదా నడుస్తుంది.

ప్రిన్సిపాల్ గారు ఈసారి మెయిల్ చదివి సంతోషించారు. కానీ ఆ కంప్యూటర్లు స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి, పై అనుమతి లేకుండా ఒక్క స్క్రూ విప్పినా ఆడిట్‌లో తానే జవాబు చెప్పాలని అన్నారు. ఆ భయం న్యాయమైనదే. ఆ అనుమతి ఎవరు ఇవ్వాలో మాత్రం మాకెవరూ చెప్పలేకపోతున్నారు.

జిల్లా విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ల్యాబ్ కంప్యూటర్లకు ర్యామ్, ఎస్ఎస్‌డీ, యూపీఎస్ బ్యాటరీ మార్చుకునే అధికారం పాఠశాలలకే ఇస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. తీసిన పాత భాగాన్ని, వేసిన కొత్త భాగాన్ని రిజిస్టర్‌లో ఎలా నమోదు చేయాలో అందులోనే చెప్పండి. మా ఊరి స్కూలు వరకు ఆ బిగింపు పని నేను కూలి తీసుకోకుండా చేస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా