అమ్మకం 20 లక్షలు పెరిగింది, లాభం 2.4 లక్షలు తగ్గింది: మా పచ్చళ్ళ లెక్క

“పోయినేడాది కన్నా ఎక్కువ అమ్ముడుపోయిందని మీరే చెబుతున్నారు. మరి చిన్న పౌచ్ ధర ఎందుకు పెంచారండీ?” (చాలాకాలంగా మా దగ్గర ఆవకాయ తెప్పించుకుంటున్న ఒకరు)

2023-24లో మా అమ్మకాలు పన్ను కాక 100 లక్షల రూపాయలు, 2024-25లో 120.2 లక్షలు. అద్దె, నెల జీతాలు, బ్యాంకు వడ్డీ కలిపి రెండేళ్ళలోనూ 18 లక్షల దగ్గరే ఉన్నాయి. అన్నీ పోగా చేతిలో మిగిలింది మాత్రం 10.4 లక్షల నుంచి 8 లక్షలకు పడిపోయింది. ఈ సంఖ్యలు మొదటిసారి చూసినప్పుడు నేను నూనెను తిట్టుకున్నాను. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి, 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. గోంగూర, టమాటా, ఉసిరి పచ్చళ్ళకు మేము వాడే పొద్దుతిరుగుడు నూనె ఆ తరువాత బాగా ప్రియమైంది. నూనె భారం నిజమే, కాని లెక్కను విడదీసి చూస్తే అది సగం కథేనని తేలింది. మిగతా సగానికి బాధ్యత నాది.

పెద్ద కంపెనీలలో ప్రైస్, వాల్యూమ్, మిక్స్ విశ్లేషణ అనే పద్ధతి ఒకటి ఉంది. ఆదాయంలో వచ్చిన మార్పులో ధరలు మారడం వల్ల వచ్చినది ఎంత, ఎక్కువ సరుకు అమ్మడం వల్ల వచ్చినది ఎంత, ఒక రకం సరుకు తగ్గి మరో రకం పెరగడం వల్ల వచ్చినది ఎంత అని వేరుచేసి చూపడమే దాని పని. మా ఆడిటర్ గారు చెప్పగా నేను ఒక ఆదివారం కూర్చుని దాన్ని మా మూడు రకాల సరుకుకు చేశాను. కింది పట్టికలో అంకెలు కిలో లెక్కన ఉన్నాయి, సులువుగా చదవడానికి వాటిని గుండ్రం చేశాను. “ధర” అంటే పన్ను కాక మాకు వచ్చేది. “మిగులు” అంటే ఆ ధరలోంచి ఆ కిలో తయారీకి, ప్యాకింగుకు, రవాణాకు అయిన ఖర్చు తీసేయగా మిగిలేది. అద్దె, జీతాలు అందులో లేవు.

| సరుకు | 2023-24 కిలోలు | ధర | మిగులు | 2024-25 కిలోలు | ధర | మిగులు |
|---|---|---|---|---|---|---|
| కిలో గాజు సీసా | 12,000 | 480 | 150 | 10,000 | 500 | 140 |
| పొడులు | 4,000 | 600 | 200 | 4,000 | 630 | 200 |
| 200 గ్రాముల పౌచ్ | 4,000 | 460 | 60 | 10,000 | 450 | 40 |

సీసాలు, పొడులు మీరు నేరుగా మా దగ్గర తీసుకునేవి, పౌచ్‌లు కొట్లకు వెళ్ళేవి. సీసాలో ఉన్న పచ్చడే పౌచ్‌లోనూ ఉంటుంది. అయినా 2023-24లో సీసా కిలోకు 330 రూపాయల ఖర్చయితే పౌచ్‌కు 400 అయింది. కిలో పచ్చడికి అచ్చు వేసిన పౌచ్‌లు ఐదు కావాలి, వాటిని పెట్టడానికి అట్టపెట్టెలు, కొట్లకు చేర్చడానికి బండి కిరాయి, ఆర్డర్లు తెచ్చే కుర్రాడికి కమిషన్ అదనం. వీటికి తోడు నూనె కారి తిరిగివచ్చే సరుకు ఉంది. పౌచ్ మూతి అతికించే చోట నూనె అంటితే ఆ అతుకు నిలవదు. ఊరగాయ నింపేవారందరికీ తెలిసిన బాధే ఇది.

ముందుగా ఆదాయం సంగతి చూద్దాం. మొత్తం సరుకు 20,000 కిలోల నుంచి 24,000 కిలోలకు, అంటే 20 శాతం పెరిగింది. మూడు రకాలూ అదే నిష్పత్తిలో పెరిగి, ధరలు మారకుండా ఉంటే ఆదాయం 20 లక్షలు పెరగాలి. ఇది పరిమాణం వల్ల వచ్చిన మార్పు. నిజానికి అమ్మిన కిలోలను పాత ధరలతో గుణిస్తే 120 లక్షలు కాక 118 లక్షలే వస్తుంది. ఆ 2 లక్షల తరుగు కలగలుపు, అంటే మొత్తం సరుకులో ఒక్కో రకం వాటా, మారడం వల్ల వచ్చింది. ఇక సీసాకు 20, పొడులకు 30 రూపాయలు పెంచడం, పౌచ్‌కు 10 తగ్గించడం కలిసి ధర వైపు నుంచి 2.2 లక్షలు తెచ్చాయి. అంతా కలిపితే 120.2 లక్షలు సరిపోతుంది. ఇక్కడితో ఆగిపోతే కలగలుపు వల్ల పోయినది స్వల్పమే అనిపిస్తుంది, నేనూ మొదట ఇక్కడే ఆగిపోయాను.

తప్పు జరిగేది ఈ చోటే. సీసా ధరకూ పౌచ్ ధరకూ కిలోకు 20 రూపాయల తేడాయే ఉండటం వల్ల, ఒకదాని బదులు మరొకటి అమ్ముడుపోయినా ఆదాయంలో అది పెద్దగా కనిపించదు. వాటి మిగులులో మాత్రం 150కీ 60కీ ఉన్నంత తేడా ఉంది. కాబట్టి అదే లెక్కను ధర బదులు మిగులుతో మళ్ళీ చేయాలి. 2023-24లో మొత్తం మిగులు 28.4 లక్షలు, 20 శాతం పరిమాణం పెరిగినందుకు దానికి 5.68 లక్షలు కలవాలి. కాని 2024-25లో అమ్మిన కిలోలను పాత మిగులుతో గుణిస్తే వచ్చేది 29 లక్షలే, అంటే కలగలుపు మారడం వల్ల 5.08 లక్షలు పోయాయి. నాలుగు వేల కిలోల సరుకు అదనంగా వండి, నింపి, మోసినందుకు మాకు దక్కింది ఈ రెండింటి తేడా, అరవై వేల రూపాయలు.

ఆపైన ధరల పెంపు 2.2 లక్షలు తెచ్చింది, ఖర్చుల పెరుగుదల 5.2 లక్షలు తీసుకుపోయింది, మిగులు 26 లక్షల దగ్గర ఆగింది. నూనె, గాజు సీసాలు, రోజు కూలి కలిసి సీసా మీద కిలోకు 30 రూపాయలు పెరిగాయి. పౌచ్ మీద ఖర్చు కూడా అంతే పెరిగినా, పౌచ్‌లను పెద్ద మొత్తంలో అచ్చు వేయించడం వల్ల 20 రూపాయలు తిరిగి కలిసివచ్చి, నికరంగా 10 మాత్రమే పెరిగింది. మూడు రకాల ధరలనూ ఖర్చులనూ కలిపి చూస్తే వాటి మధ్య లోటు 3 లక్షలు. ఖర్చులు పెరిగినా పాత కలగలుపే నిలిచి ఉంటే, పెరిగిన అమ్మకం ఆ లోటును పూడ్చి ఇంకా మిగిలేది. అందుకే నూనె సగం కథేనన్నాను.

సగటు ధర చూసి సంతోషపడే వారికి ఒక మాట. మా సగటు ధర కిలోకు 500 నుంచి దాదాపు 501 అయింది. దాన్ని చూస్తే మేము ధరలు ముట్టుకోలేదనిపిస్తుంది. నిజానికి రెండు రకాలకు పెంచాం, ఒకదానికి తగ్గించాం, కలగలుపు వాటిని కప్పేసింది. సగటు మిగులు మాత్రం 142 నుంచి 108కి జారింది. ప్రతి నెలా నేను చూడాల్సిన అంకె అది, చూడనిది కూడా అదే.

పౌచ్ ధరలో తగ్గిన ఆ పది రూపాయలు కూడా చాలాకాలం నా కంట పడలేదు. కొట్లకు పండుగ స్కీము కింద ఇచ్చిన ఉచిత పౌచ్‌ల విలువను మా పద్దులలో ప్రచారం ఖర్చుగా రాస్తూ వచ్చాం. అలా రాస్తే ధర 460 దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, పౌచ్ మిగులు కూడా ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది. పది పెట్టెలకు ఒక పెట్టె ఉచితంగా ఇవ్వడమంటే ధర తగ్గించడమే, దానికి వేరే పేరు పెట్టి ప్రయోజనం లేదు.

ఈ విశ్లేషణకు ఉన్న పరిమితి కూడా చెప్పాలి. నేను కిలోలలో లెక్కించాను. కిలో సీసాను ఒకటిగా, పొడులను అరకిలో ప్యాకెట్లుగా, పౌచ్‌లను ఐదేసిగా లెక్కిస్తే మొత్తం 40,000 నుంచి 68,000కు చేరి పరిమాణం ఏకంగా 70 శాతం పెరిగినట్టు వస్తుంది. అప్పుడు మిగులులో పరిమాణం వల్ల 19.88 లక్షలు వచ్చి, కలగలుపు వల్ల 19.28 లక్షలు పోయినట్టు చూపుతుంది. రెండూ కలిపితే మళ్ళీ ఆ అరవై వేలే. కాబట్టి ఎవరైనా ఇలాంటి లెక్క చూపితే పరిమాణాన్ని దేనిలో కొలిచారో అడగడం మంచిది. కొలత మారితే ఆ రెండు అంకెలూ మారతాయి, వాటి మొత్తం మారదు.

సీసాలు 2,000 కిలోలు ఎందుకు తగ్గాయన్నది కూడా ఈ లెక్క చెప్పదు, అది మనుషులనే అడగాలి. ముందు ఏడాది సీసా తీసుకుని, తరువాత తీసుకోనివారిలో అరవై మందికి ఫోన్ చేశాను. ఇరవై ముగ్గురు తమ వీధి కొట్లోనే మా పౌచ్ దొరుకుతోందని, పెద్ద సీసా తెప్పించుకునే అవసరం లేకపోయిందని చెప్పారు. తప్పు వారిది కాదు. కొట్లకు పౌచ్‌లు పంపింది నేనే. ఒక కిలో అమ్మకం సీసా నుంచి పౌచ్‌కు మారితే మాకు 100 రూపాయల మిగులు పోతుంది. మీకూ అందులో లాభం లేదు. కొట్లో పాత ధర 125 రూపాయల పౌచ్‌లు ఐదు కొన్నా 625 అవుతాయి, సీసా ధర పన్ను కలిపినా అంతకన్నా తక్కువే. కొరియర్ చార్జీ మాత్రం దూరాన్ని బట్టి ఉంటుంది, దూరపు ఊళ్ళవారికి ఈ తేడా నిలవకపోవచ్చు.

ఇప్పుడు చేసిన మార్పు ఇది. కొట్లకు ఉచిత పౌచ్‌ల స్కీము ఆపేశాం. పౌచ్‌కు మాకు వచ్చే 90 రూపాయలను 98 చేశాం, దానితో గరిష్ఠ ధర 125 నుంచి 135 అయింది. కిలోకు మిగులు 40 నుంచి 80కి పెరుగుతుంది కనుక, పౌచ్ అమ్మకం సగానికి పడిపోయి 5,000 కిలోలే అయినా మాకు వచ్చేది ఇప్పుడు వస్తున్న 4 లక్షలే. అంతగా పడిపోదని నా అంచనా. పడిపోతే నింపే పనికి వచ్చే కూలీలకు పని తగ్గుతుంది, ఆ సంగతి మరచిపోలేదు. పచ్చడిలో నూనె తగ్గించి, లేదా పౌచ్‌ను 180 గ్రాములు చేసి పాత ధరే ఉంచమని సలహా ఇచ్చినవారున్నారు. నూనె తగ్గితే ఊరగాయ బూజు పడుతుంది. బరువు తగ్గించడం నాకు ఇష్టం లేదు. కిలో సీసా, పొడుల ధరలు ఈసారి మార్చడం లేదు.

పాత ధర అచ్చయిన పౌచ్‌లు కొట్లలో ఇంకా ఉన్నాయి. వాటిని 125 రూపాయలకే ఇవ్వాలి. ఎవరైనా ఎక్కువ అడిగితే పౌచ్ వెనుక ఉన్న బ్యాచ్ నంబరు, కొట్టు పేరు మాకు తెలియజేయండి.