ఐదు నిమిషాల ప్రసంగం గురించి అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

అంగన్‌వాడీలో తల్లులకు పిల్లల విరేచనాల గురించి చెప్పడానికి నువ్వు రాసుకున్న ప్రసంగం చదివాను. అందులో ఏడు విషయాలున్నాయి, ఏడూ నిజమైనవే. కానీ చంకలో బిడ్డతో కూర్చుని ఐదు నిమిషాలు వినే తల్లి ఏడింటిని ఇంటికి మోసుకుపోలేదు. బిడ్డకు విరేచనాలు మొదలైన రాత్రే ఆమె చేయవలసినవి ఏవో ఏరి చూడు. ఓఆర్‌ఎస్, తిండి, జింకు మాత్రలు మిగులుతాయి. చేతులు కడుక్కోవడం గురించి మరొక రోజు చెప్పవచ్చు.

ఈ మూడింటినీ ఒకే అచ్చులో పోయాలి. 1863లో గెటీస్‌బర్గ్‌లో లింకన్ చేసిన చిన్న ప్రసంగంలోని "ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు" అన్న మాటలను గమనించు. ఒక మాట కదలకుండా నిలిచి, దాని పక్కనున్నది మాత్రమే మారుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక కదలని మాటను అక్కడే ఉంచితే చెవికి బాగా పడుతుంది: "ఓఆర్‌ఎస్ ఆపొద్దు, తిండి ఆపొద్దు, పద్నాలుగు రోజుల దాకా జింకు ఆపొద్దు." జింకును చివర పెట్టడానికి కారణముంది. రెండు మూడు రోజుల్లో విరేచనాలు తగ్గగానే తల్లులు మానేసేది దానినే. పైగా మూడింటిలో పొడవైన ముక్క చివర ఉంటేనే వాక్యం కుదురుగా ముగుస్తుంది.

ఆ వాక్యాన్ని మొదట ఒకసారి, ఒక్కొక్క అంశం వివరించాక దానికి చెందిన ముక్కను ఒకసారి, చివర మళ్ళీ మొత్తంగా ఒకసారి చెప్పు. నీ ప్రతిలో ఒకచోట "ఆపొద్దు" అని, మరొకచోట "మానకండి" అని, ఇంకొకచోట "కొనసాగించాలి" అని ఉంది. వ్యాసంలో ఒకే మాట మళ్ళీ రాయకూడదని బడిలో మేమే నేర్పాము, కానీ వినేవారికి మాట మారితే కొత్త విషయం వచ్చినట్లుంటుంది. అందువల్ల అక్షరం కూడా మార్చకు.

అన్నింటినీ ఇలా మళ్ళీ మళ్ళీ చెబితే ఏదీ నిలవదు. లీటరు ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్ళలో కలపాలనీ, కలిపినదాన్ని 24 గంటలు దాటితే పారబోయాలనీ చెప్పేటప్పుడు సీసా చేతిలో పట్టుకుని చూపిస్తే చాలు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్న హెచ్చరికను మాత్రం ఈ మూడింటిలో ఇరికించకు. అది ఇంట్లో చేసే పని కాదు కనుక, ఒక్క క్షణం ఆగి, స్వరం మార్చి, విడిగా చెప్పు.

ముగించాక ఒక తల్లిని ఇంట్లో అత్తగారికి ఏం చెబుతావని అడుగు. ఆమె "జింకు" అని, "పద్నాలుగు రోజులు" అనకపోతే, ఆ ముక్కను నువ్వు తొందరగా పలికావన్నమాట. తరువాతి ఊళ్ళో దాన్ని నిదానంగా పలికి చూసి, ఏమైందో నాకు రాయి.

నాన్న